పది కిలోమీటర్లు

‘టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వే’ అని స్వర్ణ రాస్తే, కామేష్ మాస్టారు ‘ఈజ్’ కొట్టేసి ‘ఆర్’ అని దిద్దాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల తరగతిలో నోరు విప్పలేదు. ఆ మౌనం అతన్ని తొలిచింది.

అరకులో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళ ఫోరంలో స్వర్ణ రాసిన వాక్యం పెట్టి ఒప్పో తప్పో అడిగాడు. వారానికి జవాబొచ్చింది: ‘మీ వాక్యం సరైనదే. దూరాన్ని ఒకే మొత్తంగా చెప్పేటప్పుడు ఏకవచన క్రియ వాడతాం.’ ‘మీ వాక్యం’ అన్న మాట దగ్గర అతను తలదించుకున్నాడు.

మర్నాడు తరగతిలో అందరి ముందూ తప్పు తనదేనన్నాడు.

“రూలు నీకెలా తెలిసిందమ్మా?”

“రూలేటో నాకు తెల్దు సార్. రోజూ నడిసొత్తాను కదా, ఇంటికాడ్నుంచి బడికి ఒక్కటే నడక.”

ఆ దారిలో మాస్టారెన్నడూ నడవలేదు.