పైనుంచి కోత

పాశమైలారంలోని ఆ గ్లూకోజు పొడి కంపెనీలో అంచనా అంటే ఒక్కటి కాదు, మూడు. ఎండాకాలానికి ఎన్ని ప్యాకెట్లు అమ్ముడవుతాయని ఒకే ప్రశ్న ముగ్గురిని అడిగితే ముగ్గురూ మూడు జవాబులు చెప్పేవాళ్లు. ప్లానింగ్ హెడ్డు చంద్రకాంత్ పాత ఏళ్ల మొత్తాలు చూసి ఒక మొత్తం చెప్పేవాడు. నిమ్మ, నారింజ, సాదా రుచుల సంగతి చూసే అంకిత ఒక్కో రుచికి ఒక్కో అంకె ఇచ్చేది. హైదరాబాద్, వరంగల్, కర్నూలు, జహీరాబాద్ ప్రాంతాల మేనేజర్లు తమ తమ అంకెలు పంపేవాళ్లు. అమ్ముడయ్యేవి అవే ప్యాకెట్లు. రుచుల లెక్కన కూడినా, ప్రాంతాల లెక్కన కూడినా ఒకే మొత్తం రావాలి. వస్తే అది కంపెనీ ఎందుకవుతుంది?

ఈ మూడింటికీ పొత్తు కుదిర్చే పని జయశీలది. కిష్టారెడ్డిపేట నుంచి రోజూ కంపెనీ బస్సులో వచ్చి, ఒకదానికొకటి పొసగని అంకెల ముందు కూర్చుని, సాయంత్రానికి కళ్లు మండుతుంటే తిరిగి వెళ్లేది. ఏళ్ల తరబడి అదే పని. అలసట ఒంటికి పట్టిన తర్వాత అది అలసటని కూడా తెలియదు, స్వభావం అనుకుంటారు. ఇంట్లోవాళ్లు ఆమెను నెమ్మదస్తురాలు అనేవాళ్లు.

పొత్తు కుదిర్చే పద్ధతికి ఆఫీసులో పేరు కోత. చంద్రకాంత్ చెప్పిన మొత్తం దేవుడి మాట, అది కదలదు. ప్రాంతాల అంకెలు కూడితే దానికంటే ఎక్కువ వస్తాయి కాబట్టి, అందరి అంకెలనూ ఒకే నిష్పత్తిలో తగ్గించడం. ఇందులో అన్యాయం ఏముంది, అందరికీ సమానమే కదా అనిపిస్తుంది. మేనేజర్లేమో పాలలో నీళ్లు పోసే విద్యలో ఆరితేరినవాళ్లు. ఎలాగూ కోస్తారని తెలిసి ముందే పెంచి రాసేవాళ్లు. హైదరాబాద్ శ్రావణ్‌కుమార్ అయితే, అడిగిందాంట్లో సగం ఇస్తే చాలని నమ్మే మనిషి.

పెంచనివాడు ఒక్కడే, జహీరాబాద్ సంగప్ప. ఏడేళ్లుగా ఆ డిపో చూస్తున్న యాభై ఏళ్ల మనిషి. బీదర్ వైపు ఏ దుకాణం ఎన్ని పెట్టెలు తీసుకుంటుందో, చెరుకు కొట్టడానికి కూలీలు ఎప్పుడు దిగుతారో, ఏ జాతర ఏ వారం పడుతుందో, ఒక్కో రుచికి పక్కనే కారణం రాసి పంపేవాడు. అతని అంకె ఉన్నదున్నట్టు ఉండేది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, కోత నిజంగా తగిలేదీ అతనికే. మిగతావాళ్లకు కొవ్వు తెగేది, అతనికి కండ తెగేది.

పోయిన ఎండాకాలం అలాగే అయింది. మే నడిమికే జహీరాబాద్ గోదాం ఖాళీ. దుకాణాలవాళ్లు వేరే కంపెనీ పొడి తెచ్చుకున్నారు. కంపెనీ లెక్కలో మాత్రం సరుకు లేక అమ్మలేదని ఎక్కడా ఉండదు, అమ్మకం తగ్గిందనే ఉంటుంది. ఈ ఏడు కూడా అమ్మకం పడిపోయినా, సరుకు మిగిలి వెనక్కి వచ్చినా జహీరాబాద్ డిపో ఎత్తేసి హైదరాబాద్‌లో కలిపేస్తామని ముంబై హెడ్డాఫీసు నుంచి రాత వచ్చింది. డిపో పోతే సంగప్ప ఉద్యోగం పోయినట్టే. ఆ వయసులో ఆయన్ను ఎవరు పెట్టుకుంటారు?

జయశీలకు ఆ రాత చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. కోత వేసింది తన చేతులే. అందుకే ఈసారి సమావేశానికి వేరే పద్ధతి తయారుచేసుకుని వెళ్లింది.

ఫిబ్రవరిలో, పై అంతస్తు గదిలో అందరూ కూర్చున్నారు. చంద్రకాంత్ చెప్పిన మొత్తం వంద లక్షల ప్యాకెట్లు. గుండ్రటి అంకెలంటే పైవాళ్లకు ముద్దు, ముంబైకి అప్పుడే చెప్పేశాడు కూడా. అంకిత రుచులు కూడితే నూట ఎనిమిది. ప్రాంతాలు కూడితే నూట ఇరవై, అందులో సంగప్పది పన్నెండు.

జయశీల లేచి చెప్పింది. మొత్తం కూడా ఒక అంచనాయే, అదీ తప్పుతూనే వచ్చింది, దాన్ని దేవుడి మాట చేయవద్దంది. ముందు ఒక్కొక్కరు అలవాటుగా ఎంత పెంచుతారో పాత లెక్కల నుంచి తెలుస్తుంది, దాన్ని తీసేయాలి. ఆ తర్వాత కూడా కుదరని తేడాను అందరిమధ్యా పంచాలి, కానీ సమానంగా కాదు. ఎవరి అంచనా పోయిన ఏళ్లలో ఎక్కువ అటూ ఇటూ పోయిందో వాళ్లది ఎక్కువ కదలాలి, ఎవరిది గురి తప్పలేదో వాళ్లది దాదాపు కదలకూడదు. మొత్తమూ, రుచులూ, ప్రాంతాలూ అన్నీ తమ వంతు జరిగి, చివరికి ఎటు కూడినా ఒకటే రావాలి. సరుకు లేక అమ్మలేని నెలలు వదిలేసి, సరుకు ఉండీ అమ్మిన నెలలనే తప్పొప్పులకు లెక్కలోకి తీసుకున్నాననీ, ఎవరి అంకెనూ చాటుగా చేత్తో ముట్టననీ కూడా చెప్పింది.

శ్రావణ్‌కుమార్ ముఖం మాడింది. ముంబైకి చెప్పిన అంకె మార్చడమంటే చంద్రకాంత్‌కు తద్దినం పెట్టించుకోవడంతో సమానం, ఇదివరకు రెండుసార్లు మార్చి తిట్లు తిన్నాడు. అయినా కోతతో పోయిన ఏడు జరిగిన నష్టం ఆయనకూ తెలుసు. చివరికి, భోజనాలయ్యాక నీ లెక్క చూపించు, చూద్దాం అన్నాడు. జయశీలకు ఏళ్ల తర్వాత ఆకలేసింది.

కానీ తినలేదు. ల్యాప్‌టాప్ తెరిచి లెక్క నడిపింది. మొత్తం నూట నాలుగు దగ్గర నిలబడింది. హైదరాబాద్ బాగా దిగింది. జహీరాబాద్ పన్నెండు మాత్రం అంగుళం కదల్లేదు. ఏడేళ్ల నిజానికి దక్కిన మర్యాద అనుకుని సంతోషపడి, ఆ వరుస విప్పి రుచులవారీగా చూసింది. అక్కడ ఆమె సంతోషం ఆగిపోయింది.

నిమ్మా, నారింజా, సాదా అన్నీ పోయిన ఏడు సంగప్ప అడిగినదానికి సరిగ్గా ఐదో వంతు ఎక్కువ. జహీరాబాద్‌లో పెద్దగా ఎవరూ తాగని సాదా కూడా అంతే పెరిగింది. పక్కన ఒక్క కారణమూ లేదు. జాతర లేదు, చెరుకు లేదు.

సంగప్ప గేటు బయట చాయ్ బండి దగ్గర ఒక్కడే ఉన్నాడు. పక్క ఫ్యాక్టరీ పొగ వాసనకు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. జయశీల వెళ్లి నిలబడగానే ఆయనకు విషయం అర్థమైంది.

“ఈసారి నేను గూడ పెంచిన మేడం,” అన్నాడు. “ఏడేండ్లు ఉన్నదున్నట్టు చెప్తి. ఏమైంది? ఎట్లైనా కోస్తరు గదా, కోసినంక పది మిగలాలని పన్నెండు రాసిన. నాకు కావల్సింది పదే.”

లెక్క తప్పలేదు. నూట ఇరవైని వందకు కోస్తే పన్నెండు పదే అవుతుంది. మనిషి జన్మలో మొదటిసారి అబద్ధమాడినా కొలిచి ఆడాడు.

“అన్నా, ఇప్పుడు కోత లేదు,” అంది జయశీల. “మీరు ఎన్నడు తప్పలేదని మీ అంకెను ఎవ్వరు కదిలించరు. పన్నెండుకు పన్నెండు మీ గోదాంకే వస్తది.”

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. రెండు లక్షల ప్యాకెట్లు మిగిలితే ఏమవుతుందో ఆమె చెప్పనక్కర్లేదు. వానలు పడగానే పొడి గడ్డకడుతుంది. వెనక్కి వచ్చిన సరుకంతా డిపో నెత్తిన పడుతుంది. ముంబై రాతలో రెండో మాట అదే.

తానే ఎవరికీ చెప్పకుండా పది అని దిద్దేయవచ్చా అని జయశీల ఒక్క క్షణం ఆలోచించింది. ఎవరి అంకెనూ చాటుగా చేత్తో ముట్టనని ఇందాకే అందరి ముందూ చెప్పింది. ఆ మాట తప్పితే ఇక పద్ధతి ఎక్కడిది? మీరే లోపలికి వచ్చి పది అని చెప్పండి, అంతా సరిపోతుందని ధైర్యం చెప్పింది. ఆయన సరేనన్నాడు. ఆయన ముఖంలో బరువు దిగిన మనిషి కనిపించాడు, అది చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం సంగప్ప నిలబడి, పన్నెండు తప్పు, కోతకు భయపడి పెంచాను, నా అంకె పది అని చెప్పాడు. శ్రావణ్‌కుమార్ నవ్వాడు. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. చంద్రకాంత్ నవ్వలేదు. ఆయన ముఖంలో కోపం కూడా లేదు, వెతుకుతున్న తలుపు దొరికిన నిమ్మళం ఉంది.

“జయా, నువ్వు చెప్పిందంత సంగప్ప అబద్ధమాడడు అన్నదాని మీదనే గదా నిలబడ్డది?” అన్నాడు. “ఆయనే పెంచినంక ఇంకెవల్ని నమ్మాలె? కోతలైతే అందరు సమానమే.”

ఒక్క మనిషి మీద నిలబడలేదనీ, అందరి ఏళ్ల తప్పొప్పుల మీద నిలబడిందనీ, దిద్దుకున్న అంకెతో మళ్లీ నడిపితే పొత్తు మరింత బాగా కుదురుతుందనీ జయశీల చెప్పింది. రెండుసార్లు చెప్పింది. మొదటిసారి విన్నారు, రెండోసారి ఫోన్లు చూసుకున్నారు. ముంబైకి వంద అని చెప్పానని చంద్రకాంత్ మెల్లగా అన్నాడు. పెంచి రాసిన మిగతావాళ్లను కూడా అంకెలు దిద్దుకోమని అడిగింది. ఎవరూ కదల్లేదు. వాళ్లెందుకు కదులుతారు?

నూట పద్దెనిమిదిని వందకు కోయమన్నారు. జయశీల కోసింది. నిమ్మ, నారింజ, సాదా కూడితే వంద. నాలుగు ప్రాంతాలూ కూడితే వంద. తెరమీద ఎక్కడా ఎర్రగడి లేదు, అన్నీ పచ్చగా ఉన్నాయి. ఇంత చక్కగా కుదిరిన లెక్క ఆ గదిలో ఎవరూ చూసి ఉండరు. జహీరాబాద్ వరుసలో ఎనిమిదిన్నర కంటే కొంచెం తక్కువ ఉంది. మే నడిమికి మళ్లీ గోదాం ఖాళీ అవుతుందని ఆమెకు ఆ అంకెలోనే కనబడింది.

పని ముగిసేసరికి కంపెనీ బస్సు వెళ్లిపోయింది, వేరే బస్సు కోసం ఇస్నాపూర్ దాకా ఇద్దరూ ఒకే షేర్ ఆటోలో వచ్చారు. పక్కన చిట్కుల్ వెళ్లే కూలీలు హిందీలో మాట్లాడుకుంటున్నారు. సంగప్ప వేళ్లు ముడుస్తూ, విప్పుతూ ఏదో ఆలోచిస్తున్నాడు. ఆటో దిగాక అడిగాడు.

“పన్నెండే ఉంచుంటే, కోసినా నా పది నాకొస్తుండె గదా మేడం?”

నింద వేయడానికి అనలేదు. ఏడేళ్లుగా చేసినట్టే లెక్క సరిచూసుకుంటున్నాడు, అంతే. ఆమె కళ్లు నిండాయి. ఆయనకు నిజం చెప్పమన్నది తానే, ఆ నిజాన్ని కోసిందీ తానే.

“వస్తుండె అన్నా,” అంది.