ఎవరూ అడగని తూనీగ

ఆ తూనీగను ఎవరూ అడగలేదు. మాటలు రాస్తే బొమ్మ గీసే కంప్యూటరులో నవనీత రాసింది ఇంతే: వరి గట్టు మీద తెల్లటి సీసా, దానికి ఆకుపచ్చ మూత, వెనుక పచ్చటి పొలం, పొద్దుటి ఎండ, ఆకుల మీద మంచు. కంప్యూటరు కాసేపు గుర్రుమని బొమ్మను బయటపెట్టేసరికి, సీసా పక్కకు వంగిన వరి ఆకు మీద ఒక నీలి తూనీగ వాలి ఉంది. రెక్కల్లో ఎండ మెరుస్తోంది.

"గీ పురుగును ఎవలు పెట్టుమన్నరమ్మా?" అన్నాడు బాలకిషన్. జగిత్యాలలో నవనీత పనిచేసే పంట మందుల ఏజెన్సీ ఆయనది. పెద్ద కంపెనీల సరుకుతో పాటు తన సొంత పేరు మీద కూడా సీసాలు నింపించి అమ్ముతాడు.

"నేను పెట్టలే సార్. దానంతటదే అచ్చింది."

"అచ్చినా మంచిగనే అచ్చింది తియ్. బొమ్మకు పానం పోసింది. ఉండనియ్."

అట్లా తూనీగ ఉండిపోయింది. 'పైరుజీవ' అనే బలం మందు సీసాల మీదికీ, కోరుట్లలో అచ్చువేయించిన ఫ్లెక్సీల మీదికీ ఎక్కి ఊరూరికీ పోయింది.

ఈ పని నవనీతకు నేర్పింది అరుణ్. సిరిసిల్లలో చీరల దుకాణాలకు ఫోన్లలో చూపించే బొమ్మలు చేసేవాడు. ఒక్క ఆడమనిషి బొమ్మ బాగా కుదిరితే చాలు, అదే నిలబడటం, అదే నవ్వు, అదే వెలుతురుతో అంచు రంగు మాత్రం మార్చి పది చీరలు చూపించేవాడు. "బొమ్మ మొదలయ్యేటప్పుడు ఏముంటదో ఎరికేనా? పాత టీవీల చానల్ రాకుంటే చుక్కలు కనవడ్తయి సూడు, గసొంటి చుక్కలు. ఆ చుక్కలు ఎట్ల పడాల్నో చెప్పేది సీడ్ నంబరు. గదే నంబరు, గవే మాటలు, బొమ్మ గీసే గదే మోడల్, గదే సైజు, మిగిలిన అంకెలు కూడ ముట్టకుంటే మల్ల గదే బొమ్మ అస్తది. ఒక్కటి కదిపినవనుకో, మనిషే మారిపోతది" అని చెప్పాడు అతను.

నవనీత ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఆమెకు మాట్లాడటం తక్కువ, చూడటం ఎక్కువ. తూనీగ బొమ్మ సీడ్ నంబరునూ మిగతా అంకెలనూ జాగ్రత్తగా దాచిపెట్టింది.

వానలు మొదలై నాట్లు పడ్డాక ఒక ఆదివారం మేనత్త మల్లవ్వ ఫోన్ చేసింది. వెల్గటూర్ దగ్గర పల్లెలో ఉంటుందామె. నవనీత బడికి పోయింది ఆమె ఇంటి నుంచే. పుట్టినప్పటి నుంచి ఒకరి చేలల్లో కూలి చేసిన మనిషి, ఈ ఏడే మొదటిసారి రెండెకరాలు కౌలుకు పట్టింది. మెడలోని బంగారు గుండ్లు అమ్మి విత్తనం తెచ్చింది. ఈ పంట చేతికొస్తే వచ్చే ఏడు కూడా ఆ పొలం ఆమెకే ఇస్తానన్నాడు ఆసామి. రాకపోతే మళ్ళీ గడ్డి కోతకే.

"నీ మందు మస్తున్నదే కోడలా! మా ఊళ్ల దానికి పేరే పెట్టిన్రు, తూనీగ మందని. పైరుజీవ అంటె ఎవలకు సమజ్ గాదు. దుకానంల పోయి తూనీగ మందియ్యుమంటె చాలు."

"మూత పచ్చగుంటది అత్తమ్మా, చూసుకో."

"మూతను ఎవలు సూత్తరే? మూతలు మొన్నొకటి, నిన్నొకటి అస్తనే ఉంటయి. తూనీగ ఉన్నదా లేదా, గంతే."

ఆ రోజంతా నవనీత మనసు తేలికగా ఉంది. ఎవరూ అడగని పురుగు ఒక ఊరికి అక్షరంలా పనికివచ్చింది కదా అనుకుంది.

కొన్ని వారాలకు బాలకిషన్ రెండో సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటి సీసా లాంటిదే, మూత మాత్రం ఎర్రగా ఉంది. "గడ్డి మందు. గట్ల మీద, బీళ్ల మీద కొట్టేది. పచ్చగున్నదేది మిగలది. గదే బొమ్మ కావాలె, మూత ఒక్కటి ఎర్రగ చెయ్. రెండు పక్కపక్కన పెడితే ఒక్క తల్లి పిల్లల్లెక్క కనవడాలె."

నవనీత అంకెలేవీ ముట్టకుండా, రాసిన మాటల్లో 'ఆకుపచ్చ మూత' తీసి 'ఎర్ర మూత' అని పెట్టింది. బొమ్మ దాదాపు అదే వచ్చింది కానీ ఎరుపు మూత దగ్గర ఆగలేదు. వరి ఆకుల కొనలు ఎండినట్టు ఎర్రబారాయి. తూనీగ కూడా ఎర్రనైంది.  మందు ఏం చేస్తుందో బొమ్మే చెబుతున్నట్టు ఉంది.

"గిట్లనే ఉండనిద్దామా సార్? ఆకులు ఎండినయి చూడుండ్రి, కలుపు మందని తెలుస్తది."

"ఎండిన ఆకుల బొమ్మ జూసి ఎవడు కొంటడమ్మా? మూత ఒక్కటే మారాలన్న గదా."

"అయితే సీడ్ నంబరు మారుస్తె వేరే బొమ్మ అస్తది. మా దిక్కు చదువు రానోళ్లు తూనీగను చూసి కొంటున్నరు సార్. రెండిటి మీద తూనీగ ఉంటె..."

బాలకిషన్ పకపకా నవ్వాడు. "తూనీగ జూసి కొంటున్నరంటున్నవు, మల్ల తూనీగను తీసేద్దామంటున్నవు! నువ్వు యాపారం జెయ్యవు గని, బొమ్మ జెయ్. కింద రాస్తున్నం గదా, వరి మీద చల్లొద్దని."

"గది చదివేటోళ్లకు సార్."

"దసరా దాటినంకనే పంపుతం లే. అప్పటికి డీలర్లకు చెప్తం."

నవనీత మొదటి బొమ్మను మళ్ళీ తెరిచి, మూత చుట్టూ గీత గీసి, ఆ గీత లోపల మాత్రమే కొత్తగా గీయమని కంప్యూటరుకు చెప్పింది. బయట ఒక్క చుక్క కూడా కదలలేదు. అదే ఎండ, అదే మంచు, అదే వంగిన ఆకు, దాని మీద అదే నీలి తూనీగ. అరుణ్‌కు పంపితే, 'నన్ను మించినవ్ పో' అని జవాబిచ్చాడు. తప్పు అంచు చీర వస్తే కొన్నవాళ్లు తిరిగిచ్చి మార్చుకుంటారు. ఆ సంగతి అప్పుడు ఎందుకు గుర్తొచ్చిందో ఆమెకు తెలియదు. వరి మీద చల్లరాదు అన్న మాటలను ఎంత పెద్దగా పెట్టవచ్చో అంత పెద్దగా పెట్టింది. బాలకిషన్ వాటిని మళ్ళీ చిన్నవి చేయించాడు.

ఆ వారం ముసురు పట్టింది. ఎక్కడ చూసినా గడ్డి మొలిచింది. సోమవారం నవనీత ఏజెన్సీకి వచ్చేసరికి గోదాములో ఎర్ర మూతల పెట్టెలు పెట్టిన చోటు ఖాళీగా ఉంది.

"శుక్రవారమే పంపించిన" అన్నాడు బాలకిషన్. "గడ్డి గింత పెరిగినంక దసరా దాక ఎవడు ఆగుతడు? వెల్గటూర్ దిక్కు కూడ పోయినయి."

ఆమె వెంటనే మల్లవ్వకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. ఎత్తలేదు. పొలం కాడ ఉంటే ఫోన్ ఇంట్లోనే పెట్టి పోతుంది మల్లవ్వ. నవనీత కడుపునొప్పి అని చెప్పి బస్సెక్కింది.

వాన నిన్ననే వెలిసింది. కిటికీలోంచి చూస్తే దారి పొడుగునా పొలాలు అందంగా ఉన్నాయి, బొమ్మలో ఉన్నట్టే. బస్సు ఆగిన చోట మందుల దుకాణం. షట్టర్ మీద కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆకుపచ్చ మూత సీసా, ఎర్ర మూత సీసా, పక్కపక్కన. రెండు ఆకుల మీద రెండు తూనీగలు. ఏ రెక్క ఎటు వంగిందో కూడా తేడా లేదు.

దుకాణదారు రాజేందర్ ఆమెను గుర్తుపట్టాడు. "మీ అత్త నిన్న మాపే తీస్కపోయింది. పచ్చ మూతది అయిపోయింది. గీ తూనీగ మందే గదా అని బొమ్మ మీద వేలు పెట్టి అడిగింది. గట్ల మీది గడ్డికేమో అనుకున్న."

"దేనికని అడగలేదా అన్నా?"

"ఏమని అడుగుదు? బొమ్మ జూపెట్టి అడిగినంక."

నవనీత పొలం వైపు ఉరికింది. చెప్పు తెగితే అక్కడే వదిలేసింది. మల్లవ్వ ఒడ్డు మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటోంది. పక్కన ఖాళీ స్ప్రే ట్యాంకు, దాని పక్కన తెల్లటి సీసా. మూత ఊడదీసి ఉంది. ఎర్రది.

"అయ్యో, గిదేందే, చెప్పకుంట అచ్చినవు?" మల్లవ్వ ముఖం విప్పారింది. "జర ముందుగాల అస్తె చెయ్యి సాయమన్న అయ్యేది. ఇప్పుడే అయిపోయింది. రెండెకరాలూ కొట్టేసిన. సూడు, ఎట్లున్నదో నీ పైరు!"

పైరు నిజంగానే ఎంతో బాగుంది. పొట్టకొచ్చిన వరి, నీళ్లలో ఎండ, ఆకుల మీద తడి.

"ఎప్పుడు మొదలువెట్టినవ్ అత్తమ్మా?"

"పొద్దుగాల చాయ తాగంగనే. వాన వడకుంటె సాలు. మందు కడిగేసుక పోతది."

సీసాకు అంటించిన కాగితం మీది మాటలన్నీ నవనీత చేత్తోనే టైపు చేసినవి. చల్లిన ఆరు గంటల్లోపు వాన పడకూడదు, పడితే మందు పనిచేయదు. ఇంకా ఆరు గంటలు కాలేదు. ఆమె ఆకాశం వైపు చూసింది. గోదావరి దిక్కున నల్లగా ఒక మబ్బు ఉంది, కదులుతోందో లేదో తెలియడం లేదు.

"గిది తూనీగ మందు గాదు అత్తమ్మా."

"నీకు నీ బొమ్మే గుర్తువడ్తలేదా?" మల్లవ్వ నవ్వుతూ సీసా తిప్పి చూపించింది. "గిదేంది మరి? తూనీగ గాదా?"

"బొమ్మ గదే. మందు వేరే. గిది గడ్డి మందు. పచ్చగున్నదాన్నంత సంపుతది."

మల్లవ్వ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. సీసా వైపు చూసింది, పొలం వైపు చూసింది. ఆకు ఒకటి తుంచి వేళ్ల మధ్య నలిపింది. అది పచ్చగానే ఉంది. "ఏం గాలేదు గదే. సూడు, ఏం గాలేదు" అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

"ఇయ్యాల కనవడది అత్తమ్మా. నాలుగైదు దినాలకు."

మందును కడిగేద్దామని నవనీత ఒడ్డు మీది బకెట్ అందుకుని కాలువలో ముంచి వరి మీద కుమ్మరించింది. మల్లవ్వ స్ప్రే ట్యాంకు వైపు చేయి చాపితే, "అది వద్దు, దాంట్ల మందున్నది" అని అరిచింది. నవనీత అరవగా మల్లవ్వ ఎన్నడూ వినలేదు. ఆమె కొంగు నడుముకు చుట్టి, సద్ది తెచ్చుకున్న గిన్నెతో నీళ్లు చల్లడం మొదలుపెట్టింది. రెండెకరాల్లో బకెట్ నీళ్లు ఎంత దూరం తడుపుతాయి? వాళ్లు తడిపిన మడి వెనుక తడపని మడులు మెరుస్తూనే ఉన్నాయి.

నవనీత నడుముకు దోపుకున్న ఫోన్ కుయ్యిమంది. బాలకిషన్ పంపిన మాట. 'మూడో మందు అచ్చింది. గదే బొమ్మ, మూత పసుపు చెయ్. రేపటికి కావాలె.'

మబ్బు వచ్చినట్టే వచ్చి ఊరి అవతలికి పోయింది. ఎండ ఇంకా గట్టిపడింది. పొలం మీదికి తూనీగలు వచ్చాయి, నిజమైనవి, గుంపుగా. ఒకటి మల్లవ్వ ముందున్న వరి ఆకు మీద వాలింది. ఆమె గిన్నె ఎత్తి దాన్ని కొట్టబోయి ఆగిపోయింది.

అప్పుడే కాలువ అవతల మడిలో స్ప్రే మోటరు మొదలైన చప్పుడు వినిపించింది. వీపున ట్యాంకుతో పక్క పొలం రైతు మొగిలి నిలబడి, ఒడ్డు మీది ఎర్ర మూత సీసాను కాలితో పక్కకు జరిపాడు. వాళ్లను చూసి చేయి ఊపాడు.

"మల్లవ్వా! మంచిగున్నదా నీ తూనీగ మందు?"

నవనీత బకెట్ పారేసి, కాలువలోకి దూకింది.