మరకలమ్మ చదివిన దుప్పట్లు

ఆమె అసలు పేరు చాలామందికి తెలియదు. వీధిలో అందరూ మరకలమ్మ అనే అంటారు, ఆవిడా పలుకుతుంది. ముప్ఫై ఏళ్ళుగా బట్టలు ఉతికే దుకాణం నడుపుతున్న మనిషి. చొక్కా ఒకసారి వెలుతురుకు పట్టి చూసిందంటే అది టీ మరకో, తుప్పు మరకో, ఎవరిదో లిప్‌స్టిక్ మరకో చెప్పేస్తుంది. మనిషి అబద్ధమాడతాడు గాని మరక ఆడదని ఆవిడ సిద్ధాంతం. ఖాతాదార్ల సంసారాలు సగం ఆవిడ గంపలోనే ఉండేవి. అడగకపోయినా సలహాలు చెప్పేది. వినేవాళ్ళు లోకువైతే చెప్పేవాళ్ళకి హద్దేముంది?

అలాంటి మనిషికి సొంత ఇంట్లోనే, కోడలి దుప్పటి మీద, చదవాల్సింది దొరికింది.

కొడుకు ఓడ మీద ఎలక్ట్రీషియన్. ఒకసారి ఎక్కాడంటే నెలల తరబడి నీళ్ళ మీదే. పెళ్ళయ్యాక తొలిసారి సెలవు ముగించుకుని వెళ్ళి ఏడు నెలలు దాటింది. కోడలు దగ్గర్లోని స్కూల్లో టీచరు, ఇంకా పర్మనెంటు కాలేదు. మాట తక్కువ, పని ఎక్కువ. ఇంటి బట్టలన్నీ ఆదివారం మూటకట్టి దుకాణానికి పంపుతుంది, మరకలమ్మ వాటిని స్వయంగా విప్పుతుంది. ఇంటి గుడ్డలు పనివాళ్ళ చేతికిస్తే ఇంటి పరువు ఇచ్చినట్టేనని ఆవిడ పట్టుదల.

కొడుకు వెళ్ళిన వారానికే కోడలి చేతి జబ్బకి లోపలివైపు కట్టు కనపడింది. ఏమైందంటే బీరువా తలుపు తగిలిందంది. కట్టు తీసేశాక నీలంగా కమిలి ఉంది. బీరువా తలుపు అక్కడెలా తగులుతుంది? చంకలో దూరితే తప్ప తగలదు. ఎవరో పట్టి లాగిన గుర్తులా ఉందని మరకలమ్మకి తోచింది. తోచిన మాట తోచినట్టే మనసులో పెట్టుకుంది.

ఆ తర్వాత నాలుగు నెలలు దుప్పటి మీదా లంగాల మీదా చిన్న చిన్న చుక్కలు. నెలసరి లెక్కకి రానివి, ఇవాళ ఉండి రేపు లేనివి. పిల్ల ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఖర్జూరం తెచ్చిపెట్టింది కూడా. మంచిదే, ఎందుకు కాదూ. అంతలో ఆ చుక్కలూ ఆగిపోయాయి. నెల గడిచింది, ఇంకో నెల, మూడో నెల. మూటలో తెల్లటి దుప్పట్లు వస్తున్నాయి. వేరే ఏ అత్తగారైనా బట్టలు శుభ్రంగా ఉన్నాయని సంతోషించేది. మరకలమ్మకి నిద్ర పట్టలేదు.

కొడుకు వెళ్ళి ఏడు నెలలు. కోడలికి నెలసరి ఆగి మూడు నెలలు. ఏ ఆడదైనా వేళ్ళ మీద వేసే లెక్క అది.

గర్భం రాకుండా ఏదైనా పెట్టించుకుందేమో అన్న అనుమానం ఆవిడకి రాలేదని కాదు. వచ్చింది, వచ్చీ రావడంతోనే కొట్టిపారేసింది. ఎందుకంటే ఆ సంగతి ఆవిడకి స్వానుభవం. కొడుకు పుట్టాక కాపర్ టీ వేయించుకుంది. వేయించుకున్నది మొదలు నెలసరికి నెలసరి ముంచెత్తేసింది. పట్టిన గుడ్డలు పట్టినట్టే తడిసేవి, రోజులు కూడా పెరిగాయి. నాలుగు నెలలు ఓర్చుకుని తీయించేసుకుంటే మళ్ళీ మామూలైంది. కాబట్టి అలాంటివి పెట్టుకుంటే పారడమే గాని ఆగడం ఉండదని ఆవిడకి చెక్కేసిన శాసనం. తనకి జరిగిందే లోకానికంతా జరుగుతుందనుకోవడం మనుషులకి ఉన్న జబ్బే, ఈవిడకి కాస్త ముదిరింది.

ఇక దోషి కావాలి. దోషి ఎదురుగానే ఉన్నాడు. ఇంటింటికీ తిరిగి బట్టల మూటలు తెచ్చే మూటలాయన, నలభై ఏళ్ళవాడు, నవ్వు ముఖం. వాన కురిసిన రోజున కోడల్ని స్కూలు నుంచి స్కూటరు మీద దింపాడు. ఆ ఒక్క వాన చాలదూ? ఆ మర్నాడే మరకలమ్మ అతని దారి మార్చేసింది. ఇంటివైపు రావద్దు, మూటలు దుకాణంలోనే దించమంది. కారణం అడిగితే పెట్రోలు ఖరీదంది. అతను తల గోక్కుని వెళ్ళిపోయాడు. అనుమానం పెనుభూతమంటారు గాని ఆ భూతానికి స్కూటరు కూడా కావాలని పెద్దలు చెప్పలేదు.

ఒక ఆదివారం మూటలో మళ్ళీ చుక్కలు. గోధుమరంగు, అంచు ఎండిపోయిన చుక్కలు. మరకలమ్మ దుప్పటిని వెలుతురుకు పట్టి చూసింది. ఓహో, కడుపు తీయించుకుందన్నమాట. ఏవో మాత్రలు మింగి ఉంటుంది. ఆవిడకి కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దాని కింద భయం ఉంది. కొడుకు వచ్చే నెలలో దిగుతాడు. మనవడో మనవరాలో కావాలని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ చెప్పుకుంది. వాడు వచ్చేలోగా నిజం తేల్చి ఆ పిల్లని పుట్టింటికి పంపేయాలి, లేకపోతే వాడి బతుకు నవ్వులపాలు. ఆవిడ ఆ దుప్పటిని ఉతకలేదు. మడిచి కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది, సాక్ష్యానికి.

మర్నాడు భోజనాల దగ్గర ఊరికే అడిగినట్టు, ఒంట్లో ఎలా ఉందమ్మాయ్, ఏమైనా దాచుకుంటున్నావా అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కోడలి చెయ్యి నిజంగానే జబ్బ మీదికి పోయింది. ఏం లేదత్తయ్యా అని కంచం తీసుకుని లేచింది. ఆ తడుముకోవడం చూశాక మరకలమ్మకి ఇంక సందేహం మిగల్లేదు.

రెండు రోజులు పోయాక కోడలు స్కూలుకి సెలవు పెట్టి, స్కూలు చీరలోనే బయల్దేరింది. అటు స్కూలు దారి కాదని చూసి మరకలమ్మ దుకాణానికి తాళం వేసి, సంచి తీసుకుని వెనకే నడిచింది. రెండు వీధులు దాటి కోడలు ఒక ఆసుపత్రిలోకి వెళ్ళింది. ఆడవాళ్ళకి కుటుంబ నియంత్రణ చూసే గది ముందు బల్ల మీద కూర్చుంది, లోపలికి పిలిస్తే వెళ్ళింది. తలుపు మూసుకుంటుండగా మరకలమ్మ కాలు అడ్డం పెట్టింది.

లోపల ఒక పొడుగాటి మంచం, తెల్లటి ట్రే, అందులో చిన్న కత్తెరలు, దూది. జుట్టు నెరిసిన నర్సమ్మ చేతి తొడుగులు వేసుకుంటోంది. మరకలమ్మ సంచిలోంచి దుప్పటి తీసి ఆ మంచం మీద పరిచింది. ఈ పిల్ల ఏం చేయించుకుందో నాకు చెప్పాలి, నా కొడుకు ఊళ్ళో లేడు అంది.

నర్సమ్మ దుప్పటి వైపు చూడలేదు. లోపలికి వచ్చినవాళ్ళ విషయం వాళ్ళు చెప్పమంటేనే చెబుతాను, అత్తగారైనా అమ్మగారైనా బయటికి వెళ్ళాల్సిందే అంది. గొంతు పెంచకుండానే అంది.

కోడలు తన దుప్పటిని చూసింది. ఉండనివ్వండి, చెప్పండి, ఆవిడే వినాలి అంది నర్సమ్మతో. జాకెట్టు చేతిని పైకి జరిపి మరకలమ్మ ముందు నిలబడింది.

"పట్టి చూడండి అత్తయ్యా. గుడ్డ పట్టి చూసినట్టే చూడండి."

మరకలమ్మ వేళ్ళు వెళ్ళాయి. చర్మం కింద సన్నగా, మెత్తగా, అగ్గిపుల్లంత పుల్ల. వేలితో కదిపితే కదిలింది. పైన చిన్న గీతలాంటి మచ్చ.

నర్సమ్మ చెప్పుకొచ్చింది. ఇది గర్భం రాకుండా చేతిలో పెట్టే ఇంప్లాంటు. ఏడు నెలల కిందట, భర్త వెళ్ళిన వారంలో, నెలసరి వచ్చిన రోజుల్లోనే పెట్టించుకుంది. పెట్టినచోట కొన్నాళ్ళు కమలడం మామూలే. దీంట్లోంచి హార్మోను కొద్దికొద్దిగా వస్తూ ఉంటుంది, అండం విడుదల కానివ్వదు, గర్భసంచి లోపలి పొరని పల్చబరుస్తుంది. అందుకే కొందరికి చుక్కలు చుక్కలుగా కనపడుతుంది, కొందరికి నెలల తరబడి అసలు రాదు, ఆగి మళ్ళీ చుక్కలు కనపడతాయి. రాకపోతే లోపల నెత్తురు పేరుకుపోయినట్టు కాదు, రావడానికి పొర లేనట్టు. మూడు నెలలు ఆగినప్పుడు ఈ అమ్మాయే భయపడి వచ్చింది, పరీక్ష చేశాను, గర్భం లేదు. చుక్కలు మళ్ళీ మొదలైనప్పుడూ వచ్చి చూపించుకుంది.

మరకలమ్మ తన కాపర్ టీ కథ చెప్పింది. ఆపుకోలేకపోయింది. నాకు పోసేసింది కదా, దీనికి ఆగడమేంటి అంది.

"మీరు చెప్పింది నిజమేనమ్మా, కానీ రాగిలో హార్మోను లేదు. అది వేసుకున్నాక, ముఖ్యంగా తొలి నెలల్లో, నెలసరి ఎక్కువవుతుంది. చాలామందికి తర్వాత సర్దుకుంటుంది. ఇది వేరు, అది వేరు."

ఆ నాలుగు మాటలతో ముప్ఫై ఏళ్ళ చదువు పోయింది. మరకలమ్మకి సిగ్గేసింది. సిగ్గుతో పాటు, నిజం చెప్పాలంటే, పట్టరానంత సంతోషమూ వేసింది. పిల్ల మంచిది. ఇల్లు నిలబడింది. మరి ఇవాళెందుకొచ్చావమ్మా అని అడిగింది, ఆ సంతోషంలోనే.

తీయించుకోడానికి, అంది కోడలు. ఉద్యోగం పర్మనెంటు అయ్యాక పిల్లల్ని కందామని తనూ అతనూ ముందే అనుకున్నారట. కిందటి నెల పర్మనెంటు అయింది, వచ్చే నెల అతను వస్తున్నాడు. చెబితే మనవల కోసం మీరు అన్నాళ్ళు ఆగరని చెప్పలేదు, దుకాణంలో అందరికీ చెప్పేస్తారని చెప్పలేదు. తీసేశాక ఆలస్యం ఉండదట, కొన్ని వారాల్లోనే మళ్ళీ అన్నీ మామూలవుతాయట. నర్సమ్మ తలూపింది. మత్తు సూది, చిన్న గాటు, కాసేపట్లో అయిపోయే పని అంటూ ట్రే దగ్గరికి లాక్కుంది.

మరకలమ్మ గబగబా దుప్పటి తీసేసి మంచం ఖాళీ చేసింది. పడుకోమ్మా అంది.

కోడలు పడుకోలేదు. అత్తగారి చేతిలో ఉండలా చుట్టిన దుప్పటినే చూస్తోంది. మూటలాయన దారి ఎందుకు మారిందో, భోజనాల దగ్గర ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఒక్కొక్కటే ఆ అమ్మాయికి అర్థమవుతుంటే, ఆ అర్థమవడం మరకలమ్మకి కనపడుతోంది. కోడలు జాకెట్టు చేతిని కిందికి లాక్కుంది.

ఇవాళ వద్దులెండి, అంది నర్సమ్మతో. మూడేళ్ళు పని చేస్తుందన్నారు కదా, ఉండనివ్వండి.

"నా మాట విను తల్లీ, నాదే పొరపాటు, తీయించుకో."

"పిల్ల పుడితే దాని గుడ్డలూ మీరే విప్పుతారు కదా అత్తయ్యా. దాంట్లోనూ ఏదో ఒకటి చదువుతారు."

కోపంగా అనలేదు. నర్సమ్మ తొడుగులు తీసి బుట్టలో వేసింది. మనసు మారితే ఎప్పుడైనా రావచ్చు, ఈలోగా నెత్తురు బాగా ఎక్కువగా పోయినా, కడుపులో తట్టుకోలేనంత నొప్పి వచ్చినా మాత్రం వెంటనే రమ్మని చెప్పి పంపేసింది.

ఇద్దరూ ఒకే దారిన ఇంటికి వెళ్ళారు, ఒకరి వెనక ఒకరు. మరకలమ్మ దుకాణం తెరిచి ఆ దుప్పటిని చన్నీళ్ళలో వేసింది. నెత్తుటి మరక మీద వేడినీళ్ళు పోస్తే ఇంక వదలదని పనివాళ్ళకి వెయ్యిసార్లు చెప్పిన మనిషి. ఆరోజే వేసి ఉంటే పోయేది. కాగితంలో దాచిన రోజులకి అది గట్టిపడిపోయింది, రుద్దినా నీడ మిగిలింది.

మర్నాడు మూటలాయన్ని పిలిచి పాత దారి ఇచ్చేసింది. పెట్రోలు తగ్గిందా అమ్మా అని నవ్వాడతను. అతనికేమీ తెలియదు, తెలియకపోవడమే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆదివారం వచ్చిన మూటలో అన్నీ మరకలమ్మ చీరలే ఉన్నాయి. కోడలి బట్టలు తన గది కిటికీలో ఆరుతున్నాయి. నేనే ఉతుక్కుంటున్నానత్తయ్యా, మీకెందుకు శ్రమ అంది. ఆ మర్యాద చూస్తే మరకలమ్మకి ఏడుపొచ్చింది.

కొడుకు వచ్చాడు. రెండు నెలలుండి మళ్ళీ ఓడెక్కాడు. ఏమైనా విశేషమా అని ఖాతాదార్లు అడిగారు. మరకలమ్మ తలెత్తకుండా చొక్కాలు మడతపెడుతూ, నాకేం తెలుసు అంది. ఆ మాట ఆవిడ నోట వినడం ఆ వీధికి అదే మొదటిసారి.