సెలవునాటి టిప్పు

భార్య పోయాక పెద్ద వెయిటరుకి వారానికోరోజు వచ్చే సెలవంటేనే గుబులు. తనది రాత్రి షిఫ్టు. ఇంట్లో గోడలు చూడలేక మంగళవారం మధ్యాహ్నం తన హోటల్‌కే వెళ్ళి మూల టేబుల్ దగ్గర కూర్చున్నాడు. పగటి షిఫ్టులో కొత్తగా చేరిన అమ్మాయి వడ్డించి, "ఇంకేమైనా కావాలా సార్?" అంది. ఆ మాటకే ప్రాణం లేచొచ్చింది. బిల్లులోని సర్వీస్ ఛార్జీ జీతాల్లో కలుస్తుందని తెలిసీ, పైన ఐదొందలు టిప్పు పెట్టాడు.

ఆదివారం రెండు షిఫ్టులనీ కూర్చోబెట్టి, ఏ రోజు టిప్పులు ఆ రోజు పనిచేసినవాళ్ళకి గంటల లెక్కన పంచారు.

"మంగళవారం నీకు సున్నా బాబాయ్, సెలవు కదా," అన్నాడు క్యాషియర్.

"అయ్యో! ఆ రోజే ఎవరో పెద్దాయన ఐదొందలు పెట్టాడండీ," అంది ఆ అమ్మాయి, యూనిఫాంలో ఉన్న అతన్ని పోల్చుకోలేక. "పాపం, ఆయనకి ఎవరూ లేరనుకుంటా."