లేని అధ్యాయం

ఔత్సాహికులు కలిసి రాసే ఓ ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వానికి పళ్ళ డాక్టరమ్మ నిర్వాహకురాలు. ఏఐ యంత్రంతో రాయించిన వ్యాసాలు అక్కడ నిషేధం. వంతెనల గురించి ఆమె బాబాయి పెట్టిన వ్యాసం అలాంటిదేనని ఎవరో ఫిర్యాదు చేశారు. ఆయనకు ఇదివరకే ఓ హెచ్చరిక ఉంది. ఇది రుజువైతే ఖాతా మూతపడుతుంది.

బాబాయి తిన్నగా క్లినిక్‌కొచ్చి పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు.

"నా భాష నున్నగా ఉంటే నేరమా?"

"భాష చూసి ఎవర్నీ ఆపం బాబాయ్. ఆధారాలు చూస్తాం." ఆమె సొరుగులోంచి ఓ పుస్తకం తీసింది. "వేలాడే వంతెనల సంగతి ఇందులో తొమ్మిదో అధ్యాయంలో ఉందని వ్యాసంలో రాశావు. ఇందులో ఉన్నవి ఏడే."

"ఆ పుస్తకం రాసినవాడికి లెక్కలు రావేమో!"

"రాసింది నువ్వే."

పుస్తకం తిప్పి చూస్తే, వెనక అట్ట మీంచి తన ఫోటోయే ఆయన్ని చూస్తోంది. బాబాయి మెడ గోక్కున్నాడు.

"ఆ వ్యాసం నేను పూర్తిగా చదవలేదే."

"తెలుస్తోంది. నువ్వు నాకు బంధువ్వి, తీర్పు నేను చెప్పకూడదు. ఇంకో నిర్వాహకుడికి పంపుతున్నా. ఖాతా దక్కుతుందని ఆశ పెట్టుకోకు."

"కాస్త ఆగమని చెప్పవే," అన్నాడు బాబాయి, "ఆ రెండు అధ్యాయాలూ రాసేస్తా."