లాక్ ఫైలు ముట్టొద్దు

లాక్ ఫైల్లో ఎక్కించకుండా వెర్షన్ మార్చింది తన దగ్గర పనిచేసే అఖిలే. విద్యాసాగర్ దృష్టిలో అది తేలిపోయిన విషయం. ఇక విచారణ అక్కర్లేదు.

నారాయణగూడలో మందుల దుకాణం పైగది అతని ఆఫీసు. అశోక్‌నగర్ రీడింగ్ హాళ్ళలో సీట్లు ఇచ్చి, పాసులు అచ్చువేసే ప్రోగ్రాం అక్కడ పుట్టింది. భార్య దమయంతి, అతను కలిసి రాశారు. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వడు. ముప్పై దాటిన అఖిల్, పెళ్ళయి పిల్ల ఉన్నవాడు, ఇప్పటికీ గోడపక్క స్టూలు మీదే కూర్చుని పనిచేస్తాడు. రోజులో విద్యాసాగర్‌తో నాలుగు మాటలు మాట్లాడే మనిషి అతనొక్కడే.

ఆ రీడింగ్ హాళ్ళ యజమాని ఉమాకాంత్ చిక్కడపల్లిలో కొత్త హాలు తెరుస్తున్నాడు. దమయంతి పోయాక కొత్త ఇన్‌స్టాల్ రావడం ఇదే మొదలు. అఖిల్ పొద్దున్నే వెళ్ళి కొత్త కంప్యూటర్లో కోడ్ దించి, దానికి కావాల్సిన ప్యాకేజీలు ఎక్కించే ‘ఎన్‌పీఎం సీఐ’ కమాండ్ కొట్టాడు. ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోయింది. పాసులు అచ్చువేసే ప్యాకేజీ మూడో వెర్షన్ కావాలని ప్యాకేజీ ఫైలు అడుగుతోంది. ఏ ప్యాకేజీకి ఏ వెర్షనో ఖాయం చేసి రాసిపెట్టే లాక్ ఫైల్లో మాత్రం రెండోదే ఉంది. రెండూ కలవకపోతే ఆ కమాండ్ ముందుకు కదలదు. ఆఫీసు కంప్యూటర్లో మూడోది ఎప్పుడో ఎక్కి ఉంది కాబట్టి ఇక్కడ ఎవరికీ తేడా తెలియలేదు.

వెర్షన్ మార్చింది తను కాదని, మామూలు ఇన్‌స్టాల్ కొడితే లాక్ దానంతటదే సర్దుకుంటుందని అఖిల్ ఫోన్లో అన్నాడు. విద్యాసాగర్ ఒప్పుకోలేదు. లాక్ ఫైలు తను తప్ప ఎవరూ ముట్టకూడదన్నది ఈ ఆఫీసులో మొదట్నుంచీ ఉన్న కట్టడి. అన్నం తినేవేళకు అఖిల్ చెమటతో తిరిగొచ్చాడు. మెట్లెక్కి లోపలికి రాకముందే విద్యాసాగర్ మొదలుపెట్టాడు. చేసిన పని ఒప్పుకోలేనివాడు తనకు అక్కర్లేదన్నాడు. రేపట్నుంచి రావద్దన్నాడు.

అఖిల్ స్టూలు కింది నుంచి టిఫిన్ డబ్బా తీసి సంచిలో పెట్టుకున్నాడు. వాకిట్లో ఆగాడు.

“సార్, హిస్టరీ చూసిన్రా?”

“చూసేదేముంది? నువ్వే.”

“మీరు చూడరని తెలుసు. దమయంతక్క పోయినంక మీరు అది తెరవనే లేదు. నేను పొద్దున చిక్కడపల్లిలనే చూసిన. ఫోన్ల చెప్పబుద్ధి కాలే.”

“చెప్పేదుంటే చెప్పు. నాటకాలొద్దు.”

“అది మార్చింది అక్క.”

అఖిల్ మెట్లు దిగిపోయాడు.

కింద ఫ్లైఓవర్ వైపు బస్సులు హారన్లు కొట్టుకుంటున్నాయి. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే హిస్టరీని విద్యాసాగర్ తెరిచాడు. మార్పు రాసినవాళ్ళు చివర పేరు పెట్టాలన్నది కూడా అతని కట్టడే. పాసుల మీద తెలుగు పేర్ల ఒత్తులు చెదిరిపోతున్నాయని, మూడో వెర్షన్లో సరిగా వస్తున్నాయని ఆమె రాసింది. లాక్ ముట్టకుండానే ఎక్కించానని, అది మీరొచ్చి చూసుకోండని ఉంది. కింద దమయంతి.

ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు తేదీ.

ఆ రోజు అతను వరంగల్‌లో ఉన్నాడు. తిరిగొచ్చాక ఆమెకు మాట్లాడే ఓపిక లేదు, అతనికి అడిగే తీరిక లేదు. లాక్ ముట్టిందని ఒకప్పుడు ఆమెను అందరి ముందు తిట్టాడు. అందుకే ఈసారి ముట్టలేదు.

సరిచేయడం చిన్నపని. ఆమె పెట్టిన వెర్షన్ నెంబరు అలాగే ఉంచి లాక్ ఫైలును మళ్ళీ రాయించాడు. అది నిలుస్తుందో లేదో చూడాలంటే ఇక్కడ కూడా ‘ఎన్‌పీఎం సీఐ’ కొట్టాలి. కొడితే ఫోల్డర్లో ఉన్న ప్యాకేజీలన్నీ చెరిగిపోయి మళ్ళీ దిగుతాయి. ఆ ఫోల్డర్లోని మూడో వెర్షన్ ఆమె చేత్తో ఎక్కించింది. దిగేదీ అదే వెర్షన్, అక్షరం తేడా ఉండదు. అది అతనికి తెలుసు. అయినా ఎంటర్ మీద వేలు పెట్టి కొట్టలేక, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాడు.

కొట్టాడు. ఫోల్డర్ ఖాళీ అయింది, నిండింది. ప్రోగ్రాం నడిచింది. ఒక పాసు అచ్చువేసి చూశాడు. ఒత్తులు చెదరలేదు.

సాయంత్రం చిక్కడపల్లికి తనే నడిచి వెళ్ళాడు. కొత్త కంప్యూటర్లో ఈసారి ఇన్‌స్టాల్ ఆగలేదు. ఏమైంది సార్ పొద్దున అని ఉమాకాంత్ అడిగితే, ఏం కాలేదన్నాడు.

తిరిగి వస్తుంటే అఖిల్ ఫోన్ చేశాడు. “అయ్యిందా సార్? రేపు రమ్మంటరా?”

క్షమించమనే మాట విద్యాసాగర్ నోట ఎన్నడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

“నీ ఇష్టం. వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకో. ఈ సంగతి నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్త. ఎన్నడూ.”

అవతల అఖిల్ ఏదో అనబోయాడు. విద్యాసాగర్ ఫోన్ పెట్టేశాడు.