నడిమి సూది

చక్కబెట్టు లాంటి బావమరిది పగవాడికి కూడా వద్దనేది కీబోర్డు మాస్టారి నిశ్చితాభిప్రాయం. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో ఆయన భార్యతో ఏకీభవించని విషయం ఇదొక్కటే. మిగతావి చెప్పేంత ధైర్యం ఆయనకు చాలలేదు.

చక్కబెట్టు అంటే భార్య తమ్ముడు. వాడు ఎవరింటికి వెళ్ళినా కాళ్ళు కడుక్కుని వెంటనే సొరుగులు లాగుతాడు. చొక్కాలు రంగుల వారీగా, చెంచాలు పొడవుల వారీగా సర్దిపెడతాడు. ఈసారి నాలుగు రోజులుండి, నిన్న మధ్యాహ్నం బస్సెక్కాడు. ఇవాళ పొద్దున మాస్టారు సాధన చేద్దామని కూర్చుంటే కీబోర్డు ఉంది, స్టాండు ఉంది, అడాప్టర్ లేదు. దానితో పాటు, టీవీ కింద పదేళ్ళుగా పెరిగిన వైర్ల కుప్ప కూడా లేదు. అక్కడ నేల మెరుస్తోంది.

మాస్టారు ఫోన్ చేశాడు. "ఒరేయ్, నా కొంప ముంచావు కదరా" అని మొదలుపెట్టి, వాడి సర్దుబాట్లను, వాడి పెంపకాన్ని, తన పెళ్ళికి ముహూర్తం పెట్టినవాణ్ణి వరసగా తిట్టి, అవతలివాడు "బావా, అది..." అనేలోపే పెట్టేశాడు. ఆ తర్వాత ఫోన్ మోగుతూనే ఉంది. మాస్టారు ఎత్తలేదు. తప్పు చేసినవాడి సంజాయిషీ వినడం ఆయనకు మొదటినుంచీ అలవాటు లేదు.

సాయంత్రం ఏడింటికి హోటల్లో వాయించాలి. భోజనాల హాల్లో, ఓ మూల, తొమ్మిదేళ్ళుగా ఆయనే వాయిస్తున్నాడు. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు మానేశాడు. మేనేజరు పెద్దగా కోప్పడలేదు. "మూడోసారి కూడా అయితే చెప్పండి మాస్టారూ, ఆ మూల స్పీకరు పెట్టేస్తాను. దానికి జ్వరం రాదు" అన్నాడు.

అందుకని పదకొండింటికల్లా మాస్టారు మీటరమ్మ రిపేరు కొట్టుకు చేరాడు. మెడలో కరెంటు కొలిచే మీటరు లేకుండా ఆవిడ ఎవరికీ కనిపించదు, ఆ పేరు అలా వచ్చింది.

"అడాప్టర్ కావాలమ్మా. కీబోర్డుది."

"ఎన్ని వోల్టులు?"

"నల్లగా ఉంటుంది."

"అన్నీ నల్లగానే ఉంటాయి మాస్టారూ. లోపలికెళ్ళే గొట్టం సైజెంత? నడుమ ప్లస్సా, మైనస్సా?"

"నేను వాయించేవాణ్ణమ్మా, కొలిచేవాణ్ణి కాదు."

"అయితే కీబోర్డు తెచ్చుకోండి. అల్లుడి మొహం చూడకుండా ఉంగరం కొలత చెప్పమంటే నేనెక్కణ్ణించి చెప్పేది?"

మాస్టారు ఇంటికెళ్ళి కీబోర్డు మోసుకొచ్చాడు. బస్సులో కండక్టరు దానికి కూడా టికెట్టు కొట్టాడు. మనిషి కన్నా పొడవుగా ఉందన్నాడు. పదిహేను రూపాయలు.

మీటరమ్మ దాన్ని బోర్లించింది. అడుగున చీటీలో పన్నెండు వోల్టులు, ఒకటిన్నర ఆంపియర్లు అని ఉంది. పక్కనే చిన్న బొమ్మ: మధ్యలో చుక్క, చుట్టూ తెరుచుకున్న వలయం. చుక్కనుంచి బయల్దేరిన గీత మైనస్ గుర్తు దగ్గర ఆగింది. వలయం గీత ప్లస్ దగ్గర.

"వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా పర్లేదు, తక్కువుంటేనే తంటా" అంటూ ఆవిడ మేకుకు వేలాడుతున్న రకరకాల గొట్టాల గుత్తి తీసింది. అన్నీ బయటినుంచి ఒక్కలాగే ఉన్నాయి, అయిదున్నర మిల్లీమీటర్ల లావు. మొదటిది దూర్చింది. సాఫీగా వెళ్ళింది.

"సరిపోయింది!" అన్నాడు మాస్టారు.

ఆవిడ వేలితో వైరును తట్టింది. గొట్టం వదులుగా ఊగింది. "లోపలి కన్నం రెండున్నర మిల్లీమీటర్లు. మీ సాకెట్లో నడిమి సూది దానికన్నా సన్నం. పాట మధ్యలో మీ కాలు తగిలిందా, పల్లవి దగ్గరే పాట ఆగిపోతుంది." రెండోది దూర్చింది. అది కాస్త బిగువుగా వెళ్ళి, పట్టుకుని కూర్చుంది. "రెండు పాయింట్ ఒకటి. ఇదీ మీ సైజు."

ఆ సైజు అడాప్టర్ తీసి, కరెంటులో పెట్టి, మీటరు ఎర్ర ముల్లు గొట్టం కన్నంలో, నల్ల ముల్లు బయటి అంచున ఆనించింది. పన్నెండు పైచిలుకు కనిపించింది. ముందు మైనస్ లేదు.

"దీనికి నడుమ ప్లస్. బజార్లో వచ్చేవి ఎక్కువ ఇవే. మీ చీటీ నడుమ మైనస్ అంటోంది. వైరు కోసి మార్చాలి."

కోసింది. ఉన్న రెండు తీగల్ని అటుదిటు, ఇటుదటు కలిపి అతికించింది, అతుకుల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసి వేడి చేసింది. మళ్ళీ అవే ముళ్ళు పెడితే అంకె ముందు మైనస్ వచ్చింది. మాస్టారి ఫోన్ మోగింది. ఆయన కట్ చేశాడు.

"ఎవరు?"

"నా శని."

మీటరమ్మ కీబోర్డు అడుగున మరలు లెక్కపెడుతోంది. "దీన్నెవరైనా విప్పారా? ఈ ఒక్క మర వేరే రకం."

"నా చెయ్యి తప్ప ఇంకొకడి చెయ్యి పడలేదు దీనిమీద."

"అయినా ఒక్కసారి చూద్దాం. హెడ్‌ఫోన్ రంధ్రం అంచు ఉంటుంది కదా, అది మైనస్. అక్కణ్ణించి ఈ సూదికి మీటరు కూస్తే చీటీ నిజం. రెండే నిమిషాలు."

"చీటీ కొట్టింది కంపెనీవాడమ్మా, మా బావమరిది కాదు" అన్నాడు మాస్టారు. ఆవిడ మీటరు తిప్పే లోపే గొట్టం సాకెట్లోకి నెట్టి, స్విచ్ వేశాడు.

టక్‌మంది. చాలా చిన్న శబ్దం. తర్వాత వాసన వచ్చింది.

మీటరమ్మ కరెంటు తీసేసింది. మరలు విప్పి మూత ఎత్తింది. బోర్డు మీద చిన్న డబ్బా ఒకటి పగిలి, దాని పక్కన చిప్ ఒకటి బుడిపె లేచి ఉంది. ప్లస్సూ మైనస్సూ తారుమారైతే అడ్డుపడే డయోడ్ ఆ మోడల్లో అసలు లేదు. సాకెట్ నుంచి వచ్చే రెండు వైర్లూ కోసి, ఒకదానితో ఒకటి మార్చి, ఎర్ర టేపు చుట్టి ఉన్నాయి. మూత లోపలివైపు పెన్సిలుతో ఎవరో రాశారు. ఆవిడ పైకి చదివింది.

"'సాకెట్ వైర్లు మార్చాను. ఇక నడుమ ప్లస్ ఉన్న బజారు అడాప్టర్ సరిపోతుంది. మరిచిపోకూడదు.' ఆరేళ్ళ నాటి తారీఖు. సంతకం కూడా ఉంది మాస్టారూ."

మాస్టారి సంతకం అందంగా ఉంది. కంపెనీ అడాప్టర్ బస్సులో మరిచిపోయిన ఏడాది అది. మరిచిపోకూడదని రాసి, రాసినదాని మీద మూత బిగించాడు. ఓ మర దొరక్కపోతే వేరేది వేశాడు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తాడు.

"బావా, పెట్టెయ్యకు, ఒక్క మాట! అడాప్టర్ బీరువా పైన, ఎడం పక్క, కవర్లో ఉంది. వైర్లన్నీ వేటికవి కవర్లలో పెట్టాను. పైన చీటీలు కూడా అంటించాను. నీదాని మీద 'కీబోర్డు, పన్నెండు వోల్టులు, నడుమ ప్లస్' అని రాశాను. దానిమీద బొమ్మ చూసి రాశానులే. బావా? ఉన్నావా?"

"ఉన్నాను."

"ఇంకా కోపమేనా?"

"నువ్వు అన్నం తిన్నావా?" అన్నాడు మాస్టారు. పందొమ్మిదేళ్ళలో బావమరిదిని ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

బోర్డు దొరకదని మీటరమ్మ చెప్పింది. ఆ మోడల్ ఆగిపోయి చాలా కాలమైంది. ఏడు గంటలకు హోటల్ హాల్లో, ఆ మూల, స్పీకరు మొదలైంది. బాగానే పాడిందట.

కీబోర్డు కొన్న ధర ఇరవై నాలుగు వేల అయిదు వందలు. అడాప్టర్, వైరు మార్చిన కూలితో కలిపి నాలుగు వందల ఎనభై. కీబోర్డుకు కొట్టిన బస్సు టికెట్టు పదిహేను. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు కండక్టరు మారాడు, దానికి టికెట్టు అడగలేదు. మొత్తం ఇరవై నాలుగు వేల తొమ్మిది వందల తొంభై అయిదు.